సోర్స్ ప్రశ్నల సాధన పత్రం: కొల్లూరు గని, నెక్కొండ వేట

ఆదివారం బ్యాచ్, చిక్కడపల్లి. సమయం 45 నిమిషాలు, మార్కులు 20.

పాత పేపర్లలో వచ్చిన తరహాలోనే ప్రశ్నలు ఇచ్చాం. ముందు మీరు రాయండి, తర్వాతే నమూనా జవాబులు చూడండి. తేదీ గుర్తు రాలేదని టెన్షన్ పడొద్దు. సోర్స్ కింద ఉన్న రెండు లైన్ల వివరంలోనే సగం జవాబు ఉంటుంది.

సోర్స్ అ

కొల్లూరు గని గోల్కొండకు తూర్పున ఏడు రోజుల ప్రయాణ దూరంలో ఉంది. సుమారు వందేళ్ల కిందట చిరుధాన్యం విత్తడానికి నేల తవ్వుతున్న ఒక పేదవాడికి అక్కడ వజ్రం దొరికింది. రచయిత మొదటిసారి వెళ్లినప్పుడు దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారు. మగవాళ్లు తవ్వుతారు, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోస్తారు.

(ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియర్ యాత్రా గ్రంథం, పారిస్, 1676. సారాంశం మా మాటల్లో.)

1. ఈ సోర్స్ మూలం, ఉద్దేశం రాయండి. (4)
2. గనిలో పనిచేసినవాళ్ల గురించి తెలుసుకోవడానికి దీన్ని ఎంతవరకు నమ్మవచ్చు? (6)

నమూనా జవాబు 1. ఇది గనిని స్వయంగా చూసిన విదేశీ వ్యాపారి కథనం. అయితే చూసిన కాలానికీ అచ్చయిన కాలానికీ మధ్య ఏళ్లు గడిచాయి. పుస్తకాన్ని రూపొందించడంలో షాప్యుజో అనే రచయిత సాయం కూడా ఉంది. తూర్పు దేశాల సంపద గురించి యూరప్ పాఠకులకు చెప్పడం, రత్నాల వ్యాపారం ఎలా సాగుతుందో వివరించడం దీని ఉద్దేశం.

నమూనా జవాబు 2. పని విభజన విషయంలో బాగానే నమ్మవచ్చు. ఎవరు తవ్వుతున్నారు, ఎవరు మోస్తున్నారు అన్నది కళ్ల ముందు కనిపించేదే, దాన్ని మార్చి చెప్పడం వల్ల ఆయనకు వచ్చే లాభమూ లేదు. 60,000 సంఖ్య దగ్గర జాగ్రత్త అవసరం. ఆయనే ‘దాదాపు’ అంటున్నాడు, ఎవరు లెక్కపెట్టారో చెప్పలేదు. పేదవాడి కథ ఆయన పుట్టకముందు జరిగింది కాబట్టి, అది విని రాసిందే. కూలీలు తమ బతుకు గురించి ఏమనుకున్నారో ఇందులో లేదు.

చాలామంది ‘విదేశీయుడు కాబట్టి పక్షపాతం ఉంటుంది’ అని ఒక్క వాక్యంతో సరిపెడతారు. దానికి మార్కు రాదు. ఏ విషయంలో, ఎటువైపు, ఎందుకు పక్షపాతం చూపుతాడో రాయాలి. ఒకే పేరాలో మూడు వాక్యాలకు మూడు రకాల నమ్మకం ఉండొచ్చు. పై జవాబు చేసిన పని అదే, దాన్ని రెండోసారి చదవండి.

సోర్స్ ఆ

ఫొటో: చచ్చిన పులి దగ్గర వైస్రాయి కర్జన్ దంపతులు. (వరంగల్ దగ్గరి నెక్కొండ వేట శిబిరం, ఏప్రిల్ 1902. తీసినవారు రాజా దీన్ దయాళ్, ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్.)

3. ఈ ఫొటో ఎవరి కోసం, ఎందుకు తీసి ఉంటారు? (3)
4. 1902లో నిజాం, బ్రిటిష్ సంబంధాల గురించి ఇది ఏం చెబుతుంది, ఏం చెప్పదు? (7)

నమూనా జవాబు 3. అతిథి హోదాకు తగ్గ జ్ఞాపకంగా తీశారు. ఫొటోగ్రాఫర్ నిజాం కొలువులో ఉన్నవాడు, కాబట్టి నిజాం ఆతిథ్యం గొప్పగా కనబడాలి. నిలబడి తీయించుకున్న చిత్రం ఇది, వేట జరుగుతున్న క్షణం కాదు.

నమూనా జవాబు 4. నిజాం రాజ్యంలో వైస్రాయికి ఎంత మర్యాద జరిగిందో, వేట ఆ మర్యాదలో ఎలా భాగమైందో ఈ ఫొటో నమ్మకంగా చెబుతుంది. కానీ ఆ ఏడాది ఇద్దరి మధ్య నడిచిన పెద్ద వ్యవహారం బీరారు. 1853 నుంచి బ్రిటిష్ పాలనలో ఉన్న ఆ ప్రాంతాన్ని ఏటా 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలుకిస్తూ 1902 నవంబరులో ఒప్పందం జరిగింది. ఆ ఒత్తిడి ఫొటోలో కనిపించదు. పులిని తోలుకొచ్చిన ఊరివాళ్లూ కనిపించరు. స్నేహానికి ఇదే రుజువు అనుకోలేం, స్నేహాన్ని ఎలా ప్రదర్శించారో చెప్పడానికి మాత్రం మంచి ఆధారం.

నాలుగో ప్రశ్నలో ‘ఏం చెప్పదు’ అన్న భాగాన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. ఫ్రేము బయట ఎవరున్నారో ఆలోచించండి. బీరారు లాంటి బయటి సమాచారం ఒక్కటి తెచ్చినా చాలు, కానీ దాన్ని ఫొటోతో ముడిపెట్టాలి. విడిగా రాస్తే పాఠం అప్పజెప్పినట్టే ఉంటుంది.

ఇంటికి (5 మార్కులు)

1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చినప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని నగరంలో చెప్పుకుంటారు. చెట్టు ఇప్పటికీ ఉంది. వీలైతే వెళ్లి చూసి రండి. ఆ మాటలో దేన్ని చెట్టు చూసి తేల్చవచ్చు, దేనికి అప్పటి రికార్డు కావాలి? ఎలాంటి రికార్డో కూడా రాయండి. వచ్చే ఆదివారం క్లాసు మొదలవకముందే పేపర్లు ఇవ్వాలి.