డాలర్, బాండ్ల రాబడి పెరిగినా పసిడి ఎందుకు పెరుగుతుంది?

అంతర్జాతీయ విపణిలో ఒక రోజు ఔన్సు బంగారం ధర ఒక శాతానికి పైగా పెరిగిందనుకుందాం. అదే సమయంలో డాలర్ సూచీ బలపడి, పదేళ్ల అమెరికా ప్రభుత్వ బాండ్లపై రాబడి కూడా ఎగబాకిందనుకుందాం. ఈ రెండూ సాధారణంగా పసిడికి గిట్టనివి. బంగారం వడ్డీ ఇవ్వదు కనుక, బాండ్లపై రాబడి పెరిగినకొద్దీ దాన్ని అట్టేపెట్టుకున్నవారు వదులుకునే ఆదాయం పెరుగుతుంది. ధర డాలర్లలో పలుకుతుంది కనుక, డాలర్ బలపడితే ఇతర కరెన్సీల వారికి పసిడి మరింత ప్రియమవుతుంది. మరి అలాంటి రోజున మూడూ ఒకే దిశలో ఎందుకు నడుస్తాయి?

ముందుగా చూడవలసింది, బాండ్లపై రాబడి ఏ కారణంగా పెరిగిందన్నది. ముడిచమురు ధర ఒక్కసారిగా పెరిగితే ద్రవ్యోల్బణం మళ్లీ తలెత్తుతుందన్న భయం మదుపరులను పట్టుకుంటుంది. అలాంటప్పుడు పైకి కనిపించే రాబడి పెరిగినా, ద్రవ్యోల్బణ అంచనాను తీసివేయగా మిగిలే నిజ రాబడి పెరగాలని లేదు. ఉదాహరణకు రాబడి 4 శాతం నుంచి 4.2 శాతానికి చేరి, ద్రవ్యోల్బణ అంచనా 2.3 నుంచి 2.6 శాతానికి పెరిగిందనుకుందాం. నిజ రాబడి 1.7 నుంచి 1.6 శాతానికి తగ్గినట్లే. పసిడి ప్రధానంగా స్పందించేది ఈ నిజ రాబడికే. 1980 జనవరిలో అమెరికాలో వడ్డీ రేట్లు రెండంకెల్లో ఉండగానే బంగారం ఔన్సు 850 డాలర్లను తాకింది. ఆనాటి ద్రవ్యోల్బణం ఆ వడ్డీని మింగేస్తుండటం అందుకు ఒక ముఖ్య కారణం.

రెండో కారణం ఇంతకంటే లోతైనది, నా దృష్టిలో మరింత ముఖ్యమైనది. ఆ రోజు రెండేళ్ల బాండ్ల కన్నా పదేళ్లు, ముప్పై ఏళ్ల బాండ్లపై రాబడి ఎక్కువగా పెరిగిందనుకుందాం. అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్ త్వరలో వడ్డీ రేట్లు పెంచుతుందన్న అంచనాయే ఆ కదలికకు మూలమై ఉంటే, ఆ వేడి ముందుగా రెండేళ్ల బాండ్లకే తగిలేది. దీర్ఘకాలిక బాండ్లు ఎక్కువగా కదిలాయంటే, అంతకాలం అప్పు ఇచ్చి ఉంచడానికి మదుపరులు అదనపు ప్రతిఫలం అడుగుతున్నారని అర్థం. ప్రభుత్వ అప్పు పెరుగుతుండటం, కొత్త బాండ్లు పెద్ద ఎత్తున విపణిలోకి వస్తుండటం ఈ జంకుకు కారణాలు. 2011లో ఎస్‌ అండ్‌ పీ, 2023లో ఫిచ్, 2025 మే నెలలో మూడీస్ అనే రేటింగ్ సంస్థలు అమెరికా పరపతి రేటింగును అత్యున్నత స్థాయి నుంచి తగ్గించిన సంగతి మదుపరులు మరచిపోలేదు. అప్పు తీసుకున్నవారి మీద సందేహంతో రాబడి పెరిగినప్పుడు, ఎవరి అప్పూ కాని ఆస్తిగా బంగారానికి ఆకర్షణ పెరుగుతుంది.

అలాగైతే డాలర్ ఎందుకు బలపడిందన్న ప్రశ్న మిగులుతుంది. డాలర్ సూచీ ఆరు కరెన్సీలతో పోల్చి లెక్కించేది. అందులో సగానికి పైగా వాటా యూరోదే. కాబట్టి సూచీ పెరిగిందంటే యూరో, యెన్ వంటివి డాలర్ కన్నా ఎక్కువ బలహీనపడ్డాయని మాత్రమే తెలుస్తుంది. చమురు వర్తకం ఎక్కువగా డాలర్లలోనే జరుగుతుంది కనుక, దాని ధర పెరిగితే దిగుమతి దేశాలకు డాలర్ల అవసరం కూడా పెరుగుతుంది. పైగా భయం వేళ డాలర్, పసిడి రెండూ ఆశ్రయాలే. 2023 అక్టోబరులో పశ్చిమాసియాలో యుద్ధం మొదలైన తరువాత పదేళ్ల బాండ్లపై రాబడి 5 శాతాన్ని తాకినా, బంగారం ఆ నెలాఖరుకు 2,000 డాలర్ల స్థాయికి చేరింది.

వీటన్నిటికీ వెనుక కేంద్ర బ్యాంకుల కొనుగోళ్లు ఉన్నాయి. 2022లో రష్యాకు చెందిన సుమారు 300 బిలియన్ డాలర్ల విదేశీ నిల్వలను పాశ్చాత్య దేశాలు స్తంభింపజేసిన తరువాత, తమ నిల్వలకూ అదే గతి పట్టవచ్చన్న ఆలోచన అనేక దేశాలకు కలిగింది. 2022, 2023, 2024 సంవత్సరాల్లో ఏటా కేంద్ర బ్యాంకులు 1,000 టన్నులకు పైగా బంగారం కొన్నాయి. ఈ కొనుగోలుదారులు ఒక రోజు రాబడి పెరిగిందని వెనక్కి తగ్గరు. నిజ రాబడికీ పసిడికీ మధ్య అంతకుముందు ఉన్న గట్టి సంబంధం 2022 తరువాత సడలడానికి ఇదొక ప్రధాన కారణం.

అయితే ఒక్క రోజు కదలికలో తాత్కాలికమైనవీ కలిసి ఉంటాయి. ధర తగ్గుతుందని ముందే అమ్మిపెట్టుకున్న ఫ్యూచర్స్ వ్యాపారులు, ధర ఎదురు తిరగగానే నష్టం పెరగకుండా తిరిగి కొంటారు. ఆ కొనుగోళ్లు పెరుగుదలను మరింత సాగదీస్తాయి. భయం ఉన్నప్పుడల్లా పసిడి పెరుగుతుందనీ చెప్పలేం. 2020 మార్చిలో మదుపరులు నగదు కోసం దొరికినదల్లా అమ్ముకోవడంతో బంగారం కూడా కొన్ని రోజులు పడిపోయింది. తరువాతి రోజుల్లో చమురు ధర చల్లబడి ద్రవ్యోల్బణ అంచనా తగ్గినా బాండ్ల రాబడి మాత్రం ఇదే ఎత్తున నిలిస్తే, అప్పుడు నిజ రాబడి పెరుగుతుంది. పసిడికి అండగా నిలిచిన మొదటి కారణం అక్కడితో పోయి, ఆ భారమంతా అప్పులపై ఉన్న సందేహం, కేంద్ర బ్యాంకుల కొనుగోళ్ల మీద పడుతుంది.