విషయం: ఆవకాయ రీల్ ఎడిటింగ్ – ఫుటేజీ, గురువారం గడువు

కిరణ్ గారికి నమస్తే,

ఆవకాయ వీడియో ఫుటేజీ డ్రైవ్‌లో పెట్టాను. 26 క్లిప్పులు, 17 నిమిషాలు, సుమారు 3 జీబీ. కావాల్సింది 45 సెకన్ల నిలువు రీల్, 1080x1920, 30 ఫ్రేములు.

మొదటి మూడు సెకన్లు IMG_2207.MOV. కత్తిపీట మీద కాయ పగిలే 'టక్' శబ్దం మ్యూజిక్ లేకుండా వినపడాలి. తర్వాత జీడి తీసి గుడ్డతో ముక్క తుడవడం, పొళ్లు కలపడం, నూనె పోయడం, జాడీకెత్తడం. ఈ వరస మారకూడదు. IMG_2224లో పైన నూనె తేలి నిగనిగలాడుతూ బాగుంటుంది గానీ, అది మూడో రోజు తిరగకలిపాక తీసింది. దాన్ని ముందుకు తెస్తే మన గుంటూరు ఆడవాళ్లు కామెంట్లలో ఊరుకోరు. చివర్లోనే రావాలి.

రంగు దగ్గర జాగ్రత్త. ఫోన్‌లో హెచ్‌డీఆర్ ఆన్‌లో ఉండిపోయింది. నేరుగా Rec.709 టైమ్‌లైన్‌లో వేస్తే కారం ఎరుపు పేలిపోయి, గుండ కాస్తా ఒకే ముద్దలా కనిపిస్తుంది. ముందు కన్వర్ట్ చేసి, తర్వాత కలర్ చూడండి. శాచురేషన్ పెంచొద్దు, రంగు కలిపారనుకుంటారు. తెల్ల గుడ్డ తెల్లగా కనిపిస్తే చాలు.

IMG_2231 నుంచి 2234 వరకు ట్యూబ్‌లైటు కింద 120 ఫ్రేముల్లో తీసిన స్లో మోషన్, వెలుగు కొట్టుకుంటోంది. డీఫ్లికర్‌తో పోకపోతే వదిలేయండి. IMG_2219 అస్సలు వాడొద్దు, సీసా మీద పాత ధర లేబుల్ ఉంది. 2216లో కాయ కొట్టేవాళ్ల ముఖాలు వద్దన్నారు, చేతుల వరకే క్రాప్ చేయండి.

మాట voice.wavలో విడిగా ఉంది, 38 సెకన్లు. వెనక ఎగ్జాస్ట్ ఫ్యాన్ హోరు తగ్గించండి, మరీ తగ్గిస్తే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. మాది బిజినెస్ అకౌంటు, సినిమా పాటలు వద్దు. లైసెన్సు ఉన్న మ్యూజిక్కే వేసి, దాని రసీదు కూడా పంపండి.

అక్షరాలు తెలుగులోనే. 'పచ్చడి', 'నువ్వుల నూనె' అని టైప్ చేసి ఒత్తులు విడిపోకుండా వస్తున్నాయో లేదో మొదటే చూసుకోండి. విడిపోతే టెక్స్ట్ ఇంజిన్ సెట్టింగ్ మార్చాలి. కింది ఐదో వంతులో ఏమీ రాయొద్దు, ఇన్‌స్టా బటన్లు కప్పేస్తాయి.

మొదటి కట్ గురువారం సాయంత్రం 6కి. మార్పులు రాత్రికే ఒకే మెయిల్‌లో రాస్తాను. ఫైనల్ శనివారం మధ్యాహ్నం 12 లోపు కావాలి, ఆదివారం పొద్దున పోస్ట్ పెడుతున్నాం. రెండు విడతల మార్పులతో కలిపి 6,000 అనుకున్నాం; 3,000 ఇప్పుడే ఫోన్‌పే చేశాను, మిగతాది ఫైనల్ అందగానే. మ్యూజిక్ ఖర్చు వేరుగా ఇస్తాను.

శనివారం దాటేట్టుంటే బుధవారమే చెప్పండి.

లక్ష్మి
పచ్చళ్ల షాపు, బ్రాడీపేట, గుంటూరు