సీనియర్ అకౌంటెంట్ ఉద్యోగం: మీరు పంపిన ఫారం గురించి

మేడమ్, నమస్కారం.

బాలానగర్‌లోని మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఉన్న ఖాళీకి నా రెజ్యూమె చూసి వెంటనే ఫోన్ చేసినందుకు థ్యాంక్స్. మీరు వాట్సాప్‌లో పెట్టిన ఫారం నింపి ఈ మెయిల్‌కు జత చేశాను. అందులో వయసు, పెళ్లి, మతం అడిగిన గడులు ఖాళీగా ఉంటాయి. మర్చిపోయి కాదు, కావాలనే వదిలాను. అకౌంట్స్ పనికి వాటితో అవసరం ఉందని నాకు అనిపించలేదు. ఏమీ అనుకోవద్దు.

"క్లయింట్ అడుగుతున్నారండీ, మాదేం లేదు" అన్నారు మీరు. మీ ఇబ్బంది అర్థమైంది. పెళ్లి గురించి అడగడం వెనక క్లయింట్‌కు ఉన్న సందేహం నెలాఖరులో ఆలస్యంగా ఉంటానా, మధ్యలో మానేస్తానా అన్నదైతే, దానికి సూటిగానే చెప్తాను. టీడీఎస్‌కు 7వ తేదీ, జీఎస్‌టీఆర్-1కి 11, 3బికి 20 అని గడువులు చూసుకుంటూనే తొమ్మిదేళ్లుగా పని చేస్తున్నాను. ఆ రోజుల్లో రాత్రి ఎనిమిదింటి దాకా ఉండటం నాకు కొత్త కాదు. మార్చి నెలాఖరులో సెలవు అడగను. ఉంటున్నది మియాపూర్‌లో, బాలానగర్‌కు మెట్రో నేరుగా ఉంది. ఇప్పటి కంపెనీలో ఐదేళ్లుగా ఉన్నాను, నిలకడ గురించి ఇంతకంటే చెప్పేదేముంది!

వయసుకు బదులు అనుభవం లెక్క రెజ్యూమెలో ఉంది. టాలీలో సొంతంగా బుక్స్ క్లోజ్ చేయగలనో లేదో చూడాలంటే గంటసేపు టెస్ట్ పెట్టమనండి, సంతోషంగా రాస్తాను. పండుగ సెలవులు ఆఫీసు జాబితా ప్రకారమే తీసుకుంటాను.

ఉద్యోగం ఖాయమయ్యాక పీఎఫ్ ఫారానికి, నామినేషన్‌కు, ఇన్సూరెన్స్‌కు పుట్టిన తేదీ, కుటుంబ వివరాలు కావాలి. అవి అప్పుడు హెచ్ఆర్‌కు ఆధార్‌తో సహా ఇస్తాను. దాచుకునేదేమీ లేదు, ఎంపికకు ముందు అక్కర్లేదన్నదే నా ఉద్దేశం.

ఒక చిన్న రిక్వెస్ట్. గడి ఖాళీగా ఉందని, నా పేరును బట్టి అంచనా వేసి మీ వైపు నుంచి నింపి పంపొద్దు. ఆ వివరాలు లేకపోతే ప్రొఫైల్ ముందుకు వెళ్లదని క్లయింట్ అంటే, ఏ కారణంతో కావాలంటున్నారో కనుక్కుని నాకు ఒక మాట చెప్పండి. అప్పటికీ కుదరదంటే ఈ ఖాళీకి నన్ను వదిలేయండి, మీ మీద కోపమేమీ ఉండదు. ఇలాంటివే వేరే ఖాళీలు వస్తే తప్పకుండా ఫోన్ చేయండి.

మిగతావి మీరు అడిగినట్టే: ఇప్పటి జీతం నెలకు 46,000, ఆశిస్తున్నది 58,000, నోటీసు పీరియడ్ 30 రోజులు. ఇంటర్వ్యూకు బుధ, గురువారాల్లో సాయంత్రం నాలుగు తర్వాత ఎప్పుడైనా రాగలను. ముందు రోజు చెప్తే ఆఫీసులో పర్మిషన్ తీసుకుంటాను.

ఉంటానండీ,
సునీత