తాగునీటి పైప్‌లైన్ పనుల అప్పగింత: స్టేటస్ డెక్‌పై వివరణ

సార్, నమస్కారం.

12 స్లైడ్ల డెక్ షేర్డ్ ఫోల్డర్‌లో ఉంది. ముందు నాలుగో స్లైడ్ చూడండి. అందులో 68 శాతం అన్నది వేసిన పైపు మాత్రమే: 14.2 కిలోమీటర్లకు 9.6. ప్రెజర్ టెస్ట్ అయింది 6.1 కిలోమీటర్లే. బిల్లు పాసయ్యేది టెస్టయిన పొడవుకే కాబట్టి రివ్యూలో రెండు అంకెలూ చెప్పండి.

ఏడో స్లైడ్‌లో ఎర్రగా ఉన్నది మూడో సెక్షన్. అక్కడ 9 బార్ దగ్గర 4 జాయింట్లు కారాయి. పైపు మంచిదే. జనరేటర్ వోల్టేజీ పడిపోయి హీటింగ్ ప్లేటు 220 డిగ్రీలు అందుకోలేదు, అతుకు పచ్చిగా ఉండిపోయింది. ఆ జాయింట్లు కోసి మళ్లీ వెల్డింగ్ చేయించాలి. ప్రతి అతుకుకు ముందు ప్లేటు వేడి కొలిచి రిజిస్టర్‌లో రాయించండి. సూపర్‌వైజర్ లేకపోతే రాయరు.

రైల్వే క్రాసింగ్ అనుమతి ఇంకా రాలేదు. తొమ్మిదో స్లైడ్‌లోని ముగింపు తేదీ అది ఈ నెలలో వస్తుందన్న లెక్కతో వేసింది, నాకైతే నమ్మకం లేదు. ట్యాంకు పని సజావుగానే ఉంది.

సోమవారం రివ్యూకు ఐదో స్లైడ్‌లో సిమెంట్ స్టాకు మార్చాలి, అది పాత అంకె.