2025-26 నా ప్రొఫెషనల్ డెవలప్‌మెంట్ ప్లాన్ - స్కూల్ అసిస్టెంట్, మ్యాథ్స్

జడ్పీ హైస్కూల్, ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా. జూన్ 12 నుంచి ఏప్రిల్ దాకా. నాకు 8, 9, 10 మూడూ ఉన్నాయి కానీ ఈ ప్లాన్ 8వ క్లాస్ కోసమే, టెన్త్‌కి స్పెషల్ క్లాసులు స్లిప్ టెస్టులు ఎట్లాగూ నడుస్తానే ఉంటాయి, పైగా టెన్త్‌లో ఇబ్బంది పడే పిలకాయల్లో చాలామందికి అసలు చిక్కు భిన్నాల్లోనూ మైనస్ గుర్తుల్లోనే ఉంటది.

ఇప్పుడు ఎట్లా ఉంది

నోటుబుక్కుల్లో మళ్ళీ మళ్ళీ కనిపించే తప్పులు మూడు:

1/2 + 1/3 = 2/5
-3 - 5 = 8
(a + b)² = a² + b²

రెండోది ఎందుకు అట్టా రాశావంటే "మైనస్ మైనస్ ప్లస్ కదా మేడం" అంటారు. గుణకారంలో నేర్చుకున్న రూలు తెచ్చి కూడికలో పెడుతున్నారన్నమాట. ఇది పరధ్యానం కాదు, వాళ్ళ మనసులో ఒక రూలు గట్టిగా ఉంది, ఎర్ర పెన్నుతో ఇంటూ కొడితే అది పోదు.

గోల్ 1: తప్పు వెనకున్న ఆలోచన పట్టుకోవడం (ముఖ్యమైనది ఇదే)

ప్రతి కొత్త చాప్టర్‌కి ముందు ఐదు ప్రశ్నల చిన్న టెస్టు, మార్కులు లేవు. తప్పు రాసినోళ్ళని కూర్చోబెట్టి "ఎట్లా చేశావో చెప్పు" అని అడిగి, వాళ్ళు చెప్పిన మాట చెప్పినట్టే ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకుంటా. తర్వాత దానికి ఎదురు తిరిగే ప్రశ్న ఇవ్వాలి. సగానికి ఇంకో మూడో వంతు కలిపితే 2/5 వచ్చిందన్నావు, మరి 2/5 సగం కంటే పెద్దదా చిన్నదా? (a + b)²కి a = 2, b = 3 వేసి చూడమంటే ఒకపక్క 25, ఇంకోపక్క 13 వస్తది, అప్పుడు వాళ్ళే తల గోక్కుంటారు. -3 - 5కి మూడు రూపాయలు అప్పుంది, ఇంకో ఐదు అప్పు చేశావు అంటే చాలు. ప్రశ్న అడిగాక వెంటనే జవాబు నేనే చెప్పకుండా కాసేపు ఊరుకోవడం కూడా ఇందులో భాగమే, రాయడానికి తేలిగ్గా ఉంది గానీ పీరియడ్ అయిపోతుంటే నోరు ఆగదు.

ఎవిడెన్స్: ఆ నోట్‌బుక్, ఒకే పిలకాయ జూలైలో, జనవరిలో చేసిన ఒకే రకం లెక్కల ఫోటోలు, ఫిజికల్ సైన్స్ సార్ టర్మ్‌కి ఒకసారి వెనక బెంచీలో కూర్చుని ఎవరు ఎంతసేపు మాట్లాడారో రాసిచ్చే పేపర్. ఎఫ్‌ఏ మార్కులు పెడతా కానీ వాటినే నమ్ముకోను, పేపర్ దిద్దేది నేనే కదా. మొత్తం మార్కు కాకుండా ప్రశ్నవారీగా ఎవరు ఎక్కడ ఆగారో చూస్తా.

గోల్ 2: వర్డ్ ప్రాబ్లమ్స్

ఇంగ్లీష్‌లో లెక్క చదవడం దగ్గరే సగం మంది ఆగిపోతారు. ముందు తెలుగులో వాళ్ళ మాటల్లో కథగా చెప్పించి, తర్వాత బొమ్మ, ఆఖర్న సమీకరణం. లెక్కలు కూడా మన ఊరివే రాయాలి, రొయ్యల గుంటకి మేత ఖర్చు, అంకణాల్ని చదరపు అడుగుల్లోకి మార్చడం, కోవూరు ఆటో చార్జీ. డిసెంబర్‌కల్లా చాప్టర్‌కి మూడు చొప్పున తయారు చేసి స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో పెడతా. ఎవిడెన్స్ ఆ లెక్కల ఫైలు, పిలకాయలు సొంతంగా రాసిన లెక్కలు.

గోల్ 3: ట్రైనింగ్

జాతీయ విద్యా విధానం 2020 ఏడాదికి కనీసం 50 గంటలు అంటుంది. దీక్ష పోర్టల్‌లో కోర్సులు, కాంప్లెక్స్ మీటింగులు, పల్లిపాడు డైట్‌లో ఏదన్నా పెడితే అది. సర్టిఫికెట్ వచ్చిందని కాదు, ప్రతి కోర్సు నుంచి క్లాస్‌లో వాడిన ఒక్క పని రాయాలి, వాడకపోతే "వాడలా" అని రాయాలి. క్లాస్‌లో డిజిటల్ ప్యానెల్ మీద జియోజీబ్రా జామెట్రీకి మాత్రమే వాడతా.

టైమ్‌లైన్

జూన్, జూలై బేస్‌లైన్ టెస్టు, నోట్‌బుక్ మొదలు. ఆగస్టు, సెప్టెంబర్ భిన్నాలు, పూర్ణసంఖ్యలు, మొదటి అబ్జర్వేషన్. అక్టోబర్ ఆఖరు నుంచి డిసెంబర్ దాకా కొత్తది ఏమీ పెట్టుకోను, మనకి వానలు తుఫాన్లు వచ్చేది అప్పుడే, వాయుగుండం అనగానే సెలవు, మళ్ళీ గుంటల్లో పట్టుబడి ఉన్న రోజు కొందరు రారు. ఆ నెలలు రివిజన్‌కి, లెక్కల ఫైలుకి. జనవరిలో సంక్రాంతి సెలవుల తర్వాత బేస్‌లైన్ టెస్టే మళ్ళీ, నంబర్లు మార్చి. ఫిబ్రవరి, మార్చి టెన్త్ పబ్లిక్ హడావుడి, 8కి వారానికి ఒక పీరియడ్ దక్కినా గొప్పే. ఏప్రిల్‌లో చివరి రివ్యూ.

సెల్ఫ్ రివ్యూ (సెప్టెంబర్, జనవరి, ఏప్రిల్ ఆఖరి శనివారం)

- ఈ టర్మ్‌లో నేను ఊహించని తప్పు ఒకటన్నా దొరికిందా? దొరకలేదంటే అడగడం మానేశానని అర్థం.
- వెనక బెంచీ ఆడపిల్లలు ఎవరైనా బోర్డు దగ్గరికి వచ్చి లెక్క వివరించారా, పేర్లతో రాయాలి.
- జూలైలో 2/5 రాసినోళ్ళలో ఇప్పుడు ఎంతమంది రాస్తున్నారు, ఎవరికి తగ్గలేదు, ఎందుకు?
- నోట్‌బుక్‌లో రాసినవి తర్వాతి రోజు పాఠాన్ని మార్చాయా లేక ఊరికే రాశానా?
- సిలబస్ వెనకపడిందా? పడితే ఏ చాప్టర్ కుదించానో హెచ్ఎం గారికి ముందే చెప్పాలి, ఇన్‌స్పెక్షన్ రోజు కాదు.

జనవరి టెస్టులో పాత తప్పులు అట్టాగే ఉంటే గోల్ 2 పక్కన పెట్టి మిగిలిన పీరియడ్లు మొత్తం గోల్ 1కే. కాపీ ఒకటి హెచ్ఎం గారికి, ఒకటి సైన్స్ సార్‌కి ఇస్తున్నా.