2026 బీటెక్ బ్యాచ్‌కి మీ కాలేజీలో క్యాంపస్ డ్రైవ్ పెట్టుకుందామని: 15 ఉద్యోగాలు, జీతాల వివరాలు

ప్లేస్‌మెంట్ ఆఫీసర్ గారికి నమస్కారం సర్,

ఆసుపత్రులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ మాది, ఆఫీస్ హైదరాబాద్‌లో, మొత్తం 70 మందిమి. నేను డెవలప్‌మెంట్ టీమ్ చూస్తాను, ఈసారి ఫ్రెషర్లను తీసుకునే పని కూడా నాకే అప్పజెప్పారు. సంక్రాంతి సెలవులయ్యాక జనవరి 23, శుక్రవారం మీ కాలేజీలో డ్రైవ్ పెట్టుకోవడానికి వీలవుతుందా? పోయిన వేసవిలో మీ దగ్గర నుంచి ఇద్దరు ఇంటర్న్‌షిప్‌కి వచ్చారు, తెలియనిది తెలియదని చెప్పి రెండో రోజుకల్లా నేర్చుకుని వచ్చేవాళ్లు. అందుకే ముందుగా మిమ్మల్నే అడుగుతున్నాను.

మొత్తం 15 పోస్టులు. బ్యాకెండ్ డెవలపర్లు ఆరుగురు, టెస్టింగ్‌కి నలుగురు, సపోర్ట్ ఇంజినీర్లు ఐదుగురు. సీఎస్‌ఈ, ఐటీ, ఈసీఈ వాళ్లే కాదు, కోడింగ్ వస్తే ఏ బ్రాంచి వాళ్లయినా రావచ్చు. పర్సెంటేజీ కటాఫ్ పెట్టడం లేదు. బ్యాక్‌లాగ్స్ ఉన్నా పరీక్ష రాయొచ్చు, కానీ చేరే నాటికి అన్నీ క్లియర్ అయి ఉండాలి.

డెవలపర్లకి జావా, పైథాన్‌లలో ఏదో ఒకటి గట్టిగా వస్తే చాలు, రెజ్యూమెలో పది భాషల పేర్లు అక్కర్లేదు. ఎస్‌క్యూఎల్ మాత్రం తప్పనిసరి. ఈ నెలలో బిల్లు కట్టని పేషెంట్ల లిస్ట్ తీయమంటే LEFT JOIN ఎందుకు వాడాలో, INNER JOIN వాడితే ఎవరు తప్పిపోతారో చెప్పగలగాలి, మా పనిలో సగం ఇదే. గిట్ వాడి ఉంటే మంచిది, లేకపోతే మేమే నేర్పిస్తాం. టెస్టింగ్‌కి వచ్చేవాళ్లలో మేం చూసేది ఓపిక, అనుమానం: ఒక స్క్రీన్ ఇచ్చి ఇది ఎక్కడెక్కడ తప్పు పోవచ్చో రాయమంటాం. సపోర్ట్ వాళ్లు ఆసుపత్రి క్యాష్ కౌంటర్ దగ్గర కంగారుపడుతున్న మనిషితో ఫోన్‌లో నెమ్మదిగా మాట్లాడగలగాలి, లైనక్స్ కమాండ్లు కొన్ని, లాగ్ చదవడం వస్తే సరిపోతుంది. ఇందులో నెలకు ఒక వారం నైట్ షిఫ్ట్ ఉంటుంది, ఇది పిల్లలకు ముందే చెప్పండి.

ఇక జీతం. డెవలపర్లకి ఏడాదికి 5.4 నుంచి 6 లక్షలు, టెస్టింగ్‌కి 4.2 నుంచి 4.8, సపోర్ట్‌కి 3.6 నుంచి 4.2, నైట్ షిఫ్ట్ అలవెన్స్ దీనికి అదనం. ఎవరికెంత అన్నది టెస్ట్, ఇంటర్వ్యూ మార్కులను బట్టే ఉంటుంది, బేరాలుండవు. నేను చదువుకునేటప్పుడు ఒక కంపెనీ నాలుగు లక్షలని చెప్పి తీసుకుంది, చేరాక చూస్తే అందులో లక్ష రెండేళ్లు ఉంటేనే ఇచ్చే బోనస్. ఇంట్లో ఆ నాలుగు లక్షల లెక్క చూసుకుని అప్పు తీసుకున్నవాళ్లు మా బ్యాచ్‌లో ఉన్నారు. అందుకే చేతికి ఎంతొస్తుందో ఇక్కడే రాస్తున్నాను: 4.2 లక్షలంటే నెలకు 35,000, అందులో పీఎఫ్‌కి కంపెనీ వాటా 1,800, ఉద్యోగి వాటా 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోను చేతికి 31,200. అదే లెక్కన 3.6 లక్షలకు 26,200, 6 లక్షలకు 46,200. గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ ప్రీమియం ఈ అంకెల్లో కలపలేదు, వేరియబుల్ పే లేదు. బాండ్ లేదు, ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తాం.

ఆ రోజు ఉదయం 9 గంటలకు సెమినార్ హాల్లో అరగంట మాట్లాడతాం, ఈ జీతం లెక్క అందరికీ బోర్డు మీద వేసి చూపిస్తాం, తర్వాత ఇష్టమున్నవాళ్లే టెస్ట్ రాస్తారు. గంటన్నర టెస్ట్, పేపర్ మీదే, కాబట్టి ల్యాబ్ అవసరం లేదు. మధ్యాహ్నం నుంచి ఇంటర్వ్యూలకు మూడు గదులు కావాలి. సమాధానాలు తెలుగులో చెప్పినా మాకు అభ్యంతరం లేదు, తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు ఇంగ్లిష్ టెన్షన్‌తో తెలిసినది కూడా చెప్పలేకపోవడం చాలాసార్లు చూశాను. రిజల్ట్ సాయంత్రమే చెప్తాం, ఆఫర్ లెటర్ వారంలోపు వస్తుంది, చేరే తేదీ 2026 జూలై 6 అని అందులోనే ఉంటుంది. సెలక్ట్ కాని వాళ్లకు ఎక్కడ తగ్గిందో రెండు ముక్కలు రాసి మీకు పంపిస్తాం.

కాలేజీకి గానీ పిల్లలకు గానీ ఒక్క రూపాయి ఖర్చుండదు, మా భోజనాలు కూడా మేమే చూసుకుంటాం. మీ దగ్గర ఒకసారి సెలక్ట్ అయినవాళ్లు ఇంకో డ్రైవ్‌కి వెళ్లకూడదనే రూల్ ఉంటే, మా వరకు దాన్ని పక్కన పెట్టండి సర్, ఇంకా మంచి అవకాశం వస్తే వెళ్లనివ్వండి, మాకు ముందుగా ఒక మాట చెప్తే చాలు.

23 కుదరకపోతే 30వ తేదీ శుక్రవారం కూడా మాకు ఖాళీనే. ఏదైనా జనవరి 5 లోపు ఈ మెయిల్‌కే రిప్లై ఇవ్వండి, సుమారు ఎంతమంది రాస్తారో కూడా చెప్తే పేపర్లు ప్రింట్ చేయించుకుంటాం.

ఉంటాను సర్,
డెవలప్‌మెంట్ టీమ్ లీడ్