అక్టోబర్ 15 పేమెంట్ రూ. 61,297.40 ఇంకా రాలేదు – సెల్లర్ ఐడీ MGL-204817

సెల్లర్ సపోర్ట్ టీమ్‌కు నమస్కారం.

అక్టోబర్ 15న నా బ్యాంకు ఖాతాలో పడాల్సిన రూ. 61,297.40 ఈ రోజు, అంటే 2025 నవంబర్ 13 వరకూ రాలేదు. డ్యాష్‌బోర్డులో మాత్రం ఆ పేమెంట్ పక్కన Processed అని కనిపిస్తోంది. డబ్బు పంపి ఉంటే దాని యూటీఆర్ నంబరు ఇవ్వండి, పంపకపోతే ఇప్పుడు పంపండి. మీరు వెతకడానికి కావాల్సిన వివరాలన్నీ కింద రాస్తున్నాను.

ఖాతా వివరాలు:
సెల్లర్ ఐడీ: MGL-204817
పేరు: కె. పద్మావతి, మంగళగిరి, గుంటూరు జిల్లా
అమ్మే సరుకు: మంగళగిరి నేత చీరలు
బ్యాంకు ఖాతా: చివరి నాలుగు అంకెలు 3362, సేవింగ్స్ కాదు, కరెంట్ ఖాతా
డ్యాష్‌బోర్డులో ఖాతా స్థితి: Verified
సెటిల్‌మెంట్ నంబరు: ST-1015-88406

ఈ సెటిల్‌మెంట్ సెప్టెంబర్ 22 నుంచి 30 వరకు పంపిన 41 ఆర్డర్లది. అన్నీ దసరా ఆర్డర్లే. రిటర్న్ గడువు ముగిసిన తర్వాతే మీ స్టేట్‌మెంట్ తయారైంది. అందులోని లెక్క ఇది:

చీరల విలువ: రూ. 72,400.00
5 శాతం జీఎస్‌టీ: రూ. 3,620.00
మీ కమీషన్, షిప్పింగ్ తగ్గింపు: రూ. 12,170.00
ఆ ఫీజులపై 18 శాతం జీఎస్‌టీ: రూ. 2,190.60
0.5 శాతం టీసీఎస్: రూ. 362.00
నాకు రావాల్సింది: రూ. 61,297.40

ఈ లెక్కలో నాకు తేడా ఏమీ కనిపించలేదు. డబ్బు రాకపోవడమే సమస్య. ఈ ఆర్డర్లపై పట్టుకున్న టీసీఎస్ సెప్టెంబర్ నెల జీఎస్‌టీఆర్-8లో మీరు చూపించారు, నా జీఎస్‌టీ పోర్టల్‌లో అది కనిపిస్తోంది. అంటే అమ్మకం జరిగినట్టు ప్రభుత్వానికి చెప్పారు, పన్ను కట్టారు, మీ ఫీజు మీరు తీసుకున్నారు. అమ్మిన మనిషికి మాత్రం డబ్బు అందలేదు.

ఇప్పటివరకు జరిగింది:
అక్టోబర్ 15, బుధవారం: Processed అని వచ్చింది. ఖాతాలో ఏమీ పడలేదు.
అక్టోబర్ 17: ఫిర్యాదు చేశాను, టికెట్ నంబరు 5517302. ఏడు పని దినాలు ఆగమన్నారు.
అక్టోబర్ 22, 29: ఆ తర్వాతి రెండు వారాల పేమెంట్లు, రూ. 18,406, రూ. 12,950, ఇదే ఖాతాకు సరిగ్గా వచ్చాయి.
అక్టోబర్ 28: మళ్లీ రాశాను. జవాబు లేకుండానే టికెట్‌ను Resolved అని మూసేశారు.
అక్టోబర్ 31: చాట్‌లో మాట్లాడిన ప్రతినిధి బ్యాంకు వివరాల వెరిఫికేషన్ పెండింగ్‌లో ఉందన్నారు.
నవంబర్ 5: బ్యాంకుకు వెళ్లి స్టేట్‌మెంట్ తీసుకున్నాను. ఆ మొత్తం జమ కాలేదని మేనేజర్ చెప్పారు.

వెరిఫికేషన్ పెండింగ్ అన్న మాట నాకు అర్థం కాలేదు. అలా ఉంటే 22న, 29న డబ్బు ఎలా వచ్చింది? నేను ఈ మధ్య బ్యాంకు వివరాలేవీ మార్చలేదు.

డ్యాష్‌బోర్డులో ఉన్న రిఫరెన్స్ నంబరు బ్యాంకులో చూపించాను. అది మీ సొంత నంబరు, దాంతో వెతకలేమన్నారు. నెఫ్ట్‌లో పంపితే 16 అక్షరాల యూటీఆర్ ఉంటుంది. నెఫ్ట్‌లో డబ్బు జమ చేయలేకపోతే అందుకునే బ్యాంకు రెండు గంటల్లోగా పంపిన బ్యాంకుకే తిప్పి పంపాలన్నది రిజర్వ్ బ్యాంకు నియమం. కాబట్టి ఈ డబ్బు మీ దగ్గర నుంచి కదలకుండా అయినా ఉండాలి, తిరిగి మీ ఖాతాకే వచ్చి అయినా ఉండాలి, లేదా ఇంకెవరి ఖాతాకో వెళ్లి ఉండాలి. ఏది జరిగిందో తేల్చగలిగేది మీ పేమెంట్స్ టీమే. దయచేసి ఈ మెయిల్‌ను నేరుగా వారికి పంపండి. ఇంకోసారి వేచి ఉండమని మాత్రం రాయకండి.

నా దగ్గర ఆరు మగ్గాలు నేస్తాయి. దీపావళికి ముందే కూలి ఇవ్వాలి కాబట్టి వడ్డీకి తెచ్చి ఇచ్చాను. నేసిన వాళ్లను పండక్కి ఆగమనడం నాకు చేతకాలేదు. ఇప్పుడు కొత్త ఆర్డర్లకు నూలు కొనాలి. మీకు ఇది ఒక టికెట్ కావచ్చు, నాకు ఇది వచ్చే నెల పని.

నవంబర్ 18, మంగళవారం లోపు ఈ మెయిల్‌కే రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. పాత టికెట్ 5517302ను తిరిగి తెరవండి, కొత్తది ఇస్తే మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వస్తుంది. ఫోన్ చేస్తే రిజిస్టర్ అయిన నంబరుకే, ఉదయం పది తర్వాత చేయండి. చేసేవారు ముందుగా టికెట్ నంబరు చెప్పాలి. ఓటీపీ గానీ, పూర్తి ఖాతా నంబరు గానీ ఫోన్‌లో చెప్పను.

జతచేసినవి: అక్టోబర్ 15 సెటిల్‌మెంట్ రిపోర్టు, డ్యాష్‌బోర్డు స్క్రీన్‌షాట్, అక్టోబర్ 10 నుంచి నవంబర్ 5 వరకు బ్యాంకు స్టేట్‌మెంట్, క్యాన్సిల్ చేసిన చెక్కు, అక్టోబర్ 31 చాట్ కాపీ.

ఇట్లు,
కె. పద్మావతి
సెల్లర్ ఐడీ MGL-204817